మందు డబ్బాలో మంచినీళ్లు

ఈనాటి మిరప చేలల్లో పరిచే ప్లాస్టిక్ షీటు అప్పట్లో మాకు తెలియదు. పంటయ్యాక మట్టి పట్టిన ఆ చింపులను పాత సామాన్లవాడు కూడా ముట్టకపోవడం ఇప్పుడు చూస్తున్నాను. డెబ్భైల్లో మా తలనొప్పి పురుగుమందు డబ్బాలు. తలనొప్పి అన్నది నా మాట. మా అత్తకు మాత్రం అవి సొమ్ములు.

గోదావరిఖని పక్క ఊళ్లో మాకు కొంత పత్తి చేను ఉండేది. మా ఆయన బొగ్గుబాయిలో డ్యూటీ చేసొచ్చి చేనుకు మందు కొట్టేవాడు. ఖాళీ డబ్బాకు బొక్క పొడిచి, బావికీ వాగుకీ దూరంగా పూడ్చమని, సర్కారు తరఫున సేద్యం సలహాలిచ్చే గ్రామసేవకుడు చెప్పాడు. మందు అమ్మిన షావుకారు డబ్బా వాపసు తీసుకోడు. పాత సామాన్లవాడైతే బొక్క లేని డబ్బాకు ఉల్లిగడ్డలిచ్చి పట్టుకుపోతాడు. మూత గట్టిగా పట్టే డబ్బాకు ఊరంతా గిరాకీయే. ఇక అత్త పొడవనిస్తుందా?

ఆయన బాయిలోకి నీళ్లు తీసుకుపోయే క్యాను కారడం మొదలైంది. ఒకనాడు పొద్దున్నే అత్త నాకు చెప్పకుండా ఒక మందు డబ్బాను వాగులో తోమి, మంచినీళ్లు నింపి కొడుకు చేతికిచ్చింది. బట్టలుతకడానికి నేను వాగుకు పోయేసరికి చిన్న చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఇంటికి పరుగెత్తాను.

"అత్తమ్మా, వాగుల ఏం కడిగినవ్?"

"డబ్బ, బిడ్డా. వాని క్యాను కారుతుందని. బూడిదేసి, చింతపండేసి తోమిన. వాసనే లేదు."

అక్కణ్నుంచే బాయికి ఉరికాను. అప్పటికే అందరూ దిగిపోయారు. లోపలికి పోయే మనిషితో కబురు పంపుతానన్నాడు హాజరు గుమాస్తా. "ఫికర్ చెయ్యకక్కా" అన్నాడు. చెయ్యకుండా ఎట్లా ఉంటాను? షిఫ్టు దిగేదాకా గేటు బయటే కూర్చున్నాను. కాసేపటికి అత్త కూడా వచ్చి నాకు దూరంగా కూలబడింది.

ఆయన నల్లటి మొహంతో పైకొచ్చాడు. డబ్బా నిండుగానే ఉంది.

"కబురు రాకముందే పక్కకు పెట్టిన. మూత తియ్యంగనే మందు కొట్టిన చేను వాసనొచ్చింది. దోస్తు క్యాన్ల నీళ్లు తాగిన" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన చేను గట్టు మీద, నీళ్లకు దూరంగా గుంత తవ్వాడు. దాచిన డబ్బాలన్నిటినీ అత్తే గడ్డపారతో పొడిచింది. ఆ దారిన వచ్చిన పాత సామాన్లవాడు లబలబలాడాడు.

"అవ్వా, బొక్కలెందుకు పొడిచినవ్? ఉల్లిగడ్డలు రావు గదా!"

"నీ ఉల్లిగడ్డల మన్నువడ" అంది అత్త.

అన్నీ పూడ్చాం. ఆ రేకు ఎన్నటికి మన్నవుతుందో, దానిలోని విషం ఎటు పోతుందో మాకు తెలియదు. అంతకంటే మంచి దారి మాకెవరూ చూపలేదు.

మర్నాడు ఆయన డ్యూటీకి బయలుదేరుతూ, అరువు తెచ్చుకున్న క్యాను తల్లి ముందు పెట్టాడు. "అవ్వా, నీళ్లు పొయ్యి."

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. "నువ్వే ముంచుకో, బిడ్డా."

తను కన్నుమూసేదాకా అత్త మళ్లీ కొడుక్కి తన చేత్తో నీళ్లివ్వలేదు.