కారని మిద్దెకు రెండు మాటలు

నాకు ముక్కు మీద కోపమని మా ఆడామె ఊరంతా చెప్తాది. అబద్ధమేం కాదు. ఆ ఎనిమిది దినాలైతే ఆ కోపానికి నేనే తట్టుకోలేకపోయినా.

కారే మిద్దెలు బాగుచేసే పని మాది. బళ్లారిలో పాత ఇండ్లకు కొదవ లేదు, వాటి మిద్దెల మీద బీటలకూ కొదవ లేదు. పేరుకు కంట్రాక్టరు నేను. మిద్దె మీద పని చేసేది మాత్రం మా మేస్త్రీ, తారానగర్ మనిషి, పదేండ్లుగా నాతోనే ఉన్నోడు. ఈ ఎండాకాలంలో వాళ్ల బావమరిది బెంగళూరుకి రమ్మని ఒకటే పోరు. మోక అనే ఊరి దగ్గర ఒక బడి మిద్దె బాగుచెయ్యాల్సి ఉంది, సెలవుల్లో చేసేంత పెద్ద పని. "అది వస్తే ఉంటానన్నా, రాకుంటే పోతా" అని మేస్త్రీ తెగేసి చెప్పేసినాడు. ఆయన పోతే నా చేతిలో మిగిలేది విజిటింగ్ కార్డులే.

బడి కమిటీ పెద్దాయన రేటు గురించి అడగలేదు. మీరు చేసిన మిద్దె వాన చూసి ఉండాల, ఆ ఇంటోళ్లు రెండు మాటలు చెప్పాల, అది తెచ్చియ్యప్పా అన్నాడు. వెంటనే బ్రూస్‌పేట టీచరమ్మ గుర్తొచ్చింది. రిటైరైన టీచరు, ఒక్కతే ఉంటాది, ప్రతి ఆదివారం చర్చికి పోతాది. ఆమె మిద్దె చేసిన నెలకే పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్నే ఆమే ఫోన్ చేసి, "ఒక్క చుక్క కారలేదప్పా" అని సంతోషంగా చెప్పింది. అడగాల్సింది అప్పుడు. నేను "మంచిదమ్మా" అని ఫోన్ పెట్టేసినా.

మూడు వారాలు పోయినాక నాకు అవసరమొచ్చింది. పెద్ద వయసామె, రాయడానికి ఎందుకు కష్టపెట్టాలని, నేనే రాసి వాట్సాప్‌లో పంపినా. 'అత్యున్నత నాణ్యతతో, చెప్పిన గడువులోపల, అన్ని విధాలా సంపూర్ణ తృప్తి కలిగేలా ఈ సంస్థ వారు పనిచేసినారు.' కింద, 'సరే అని ఒక్క మాట పెట్టండి టీచరమ్మా, చాలు' అని పెట్టినా. ఇంతకంటే సులువుగా ఎవరన్నా అడుగుతారా?

చదివినట్టు నీలం గీతలు పడినాయి. జవాబు లేదు. రెండో దినం, మూడో దినం, అట్ల ఎనిమిది దినాలు. మిద్దె మళ్లీ కారిందేమోనని ఒక భయం. కారితే చెప్పొచ్చు కదా, ఒక్క మాటకు ఇంత బిగువెందుకని ఒక కోపం. మేస్త్రీ దినమూ "ఏమన్నా వచ్చిందా అన్నా?" అని అడిగేవాడు.

మా ఆడామె ఇంట్లోనే జాకెట్లు కుడతాది. ఆ మెసేజ్ చదివి నవ్వింది. ఇదేంది, శిలాఫలకం మాదిరి ఉండాది, ఆమె మాట ఇందులో ఒక్కటన్నా ఉండాదా అని అడిగింది. తనైతే 'నా కుట్టు ఎట్లుంది' అని ఎవుర్నీ అడగదంట. 'ఆ పెండ్లిలో జాకెట్టు చూసి ఎవురన్నా ఏమన్నా అన్యారా?' అని అడుగుతాదంట. వాళ్లే నోరారా చెప్తారు. ఆ మాట ఇంకొకరికి చెప్పుకోవచ్చా అని అడిగితే, చెప్పుకోమంటారంట. పదేండ్లుగా మా నట్టింట్లోనే జరుగుతున్న సంగతి నా చెవికి ఎక్కలే.

మర్నాడు బ్రూస్‌పేటకు పోయినా. టీచరమ్మ కుర్చీ వేసి, కాఫీ ఇచ్చింది. మెసేజ్ ఊసు ఆమె ఎత్తలేదు. మొహమాటం నాకే కాదు, ఆమెకూ ఉందని అప్పుడు తెలిసింది. ముందుగానే చెప్పేసినా. మీకు ఇష్టం లేకుంటే వద్దనండి, నేనేం అనుకోను. మీ మాట బడి కమిటీకి తప్ప ఎవరికీ పోదు. పేరు వద్దంటే బ్రూస్‌పేట టీచరని మాత్రం చెప్తా. ఇట్ల చెప్పి, ఒకటే అడిగినా.

"ఆ పెద్ద వాన పడిన దినం మీరేం చేసినారు టీచరమ్మా?"

ఆమె మొహం విప్పారింది. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అంటే చేసుకో అంది.

"ముందంతా మబ్బు పడితే చాలు, మంచం జరిపేదాన్ని. బేసిన్లు పరిచేదాన్ని. ఆ దినం మంచం జరపలే. బేసిన్లు మెట్ల కిందే ఉండె. కిటికీ కాడ కూర్చోని వాన చూసినా. మీ మేస్త్రీ ఒక్కొక్క బీట తెరిచి, కడిగి, పూడ్చినాడు. కారతాదేమో చూడనీకి మిద్దె మీద నీళ్లు కట్టినాక రెండు దినాలు కిందికీ పైకీ తిరుగుతా, గోడలకు చెయ్యి పెట్టి చూసినాడు. జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్ల చూసినాడప్పా. కానీ నువ్వు చెప్పిన గడువుకి కాలే. నాలుగు దినాలు లేటు. మెటీరియల్ రాలేదన్యావు. ఆ డబ్బాలు అప్పటికే మా మెట్ల కింద ఉండె. దానికే ఆ మెసేజ్‌కి సరే అనలేకపోయినా. కాదని చెప్పడానికీ నోరు రాలే."

సిగ్గుతో చచ్చిపోయినా. ఆ నాలుగు దినాలు ఇంకో ఇంటి పనికి ఆశపడి మేస్త్రీని తీసుకపోయింది నేనే. అంత సులువుగా సరే అనమని నేను పంపింది అబద్ధం.

రికార్డు వినిపించినా. మార్చాలా, తీసెయ్యాలా అని అడిగినా. "అంతా పంపు. ముక్క కోసి పంపొద్దు" అంది. పేరు కూడా పెట్టుకోమంది.

బడి పనికి గడువే ప్రాణం, నాకు తెలుసు. చివరి ముక్క కోసేద్దామని రెండు సార్లు వేలు పెట్టి, తీసేసినా. అంతా పంపినా. పెద్దాయన ఫోన్ చేసి, లేటు ఎందుకయిందని అడిగినాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా. పని మంచిదే, కానీ బడి తెరిచే దినానికి కాకుంటే పిల్లోళ్లు యాడ కూర్చోవాలప్పా అన్నాడు. ఆ పని వేరే వాళ్లకు పోయింది.

మేస్త్రీకి ఎట్ల చెప్పాలో తెలీక ఆ రికార్డే వినిపించినా. తల వంచుకొని విన్నాడు. మళ్లీ ఒకసారి పెట్టమన్నాడు. జ్వరమొచ్చిన బిడ్డ మాట దగ్గర కండ్లు తుడుచుకున్నాడు. పదేండ్లలో నేను ఆ మనిషికి ఇంత మంచి మాట చెప్పింది లేదు. నేను రాసిన దాంట్లో కూడా సంస్థ ఉందే గాని, మేస్త్రీ లేడు.

"ఇది నాకు పంపిస్తావా అన్నా? బెంగళూరులో చూపించుకుంటా" అన్నాడు.

అది టీచరమ్మ మాట, ఆమెను అడుగు అన్నా. అక్కడే నిలబడి ఫోన్ చేసి అడిగినాడు. ఆమె నిమిషంలో సరే అనింది.

ఫోన్ పెట్టేసి మేస్త్రీ కొంచెంసేపు కాలి బొటనవేలితో నేల గీకినాడు. తర్వాత ఆయన ఫోన్‌లో రికార్డు నొక్కి, నా ముందు పెట్టినాడు.

"నువ్వూ ఒకటి చెప్పన్నా. ఇష్టం లేకుంటే వద్దులే. పెద్దగా ఏం వద్దు. పదేండ్లలో నేను చేసిన మిద్దె ఒక్కటన్నా మళ్లీ కారిందా, అది చెప్పు చాలు."

"లేదప్పా" అన్నా. "ఒక్కటీ కారలే."