తంబాకు వాసనకు పట్టుకున్న అడ్వాన్సు

కరీంనగర్‌లో మేం నాలుగేళ్లు అద్దెకున్న ఇంటి ఓనరు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన్ను లెక్కలోకి తీసుకున్నట్టవుతుంది. అంతకాలం నేను ఆయన్ను ‘కాకా’ అనీ, ఆయన భార్యను ‘చిన్నమ్మా’ అనీ పిలిచాను. ఆ పిలుపులు తలుచుకుంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

అది మేడ మీద పోర్షను, కింద వాళ్లుండేవాళ్లు. ముందు గది, పడకగది, వంటగది, మెట్ల పక్కన బాత్రూం. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. ఇంట్లో ఉండేది నేనూ మా అవ్వా, ఇద్దరమే. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వాలంటే నా చేతిలో లేదు. అవ్వ మెట్‌పల్లిలో పాతికేళ్లకు పైగా బీడీలు చేసింది. నా దగ్గరికి వచ్చేస్తూ అక్కడి కార్డు రద్దు చేయించుకుంటే పీఎఫ్ పైసలు వచ్చాయి. వాటిలోంచి పద్దెనిమిది వేలు తీసి కాక చేతిలో పెట్టింది. “ఇవి నా పైసలు బిడ్డ. ఇల్లు ఇడిచిన నాడు నాకు నాయె రావాలె” అంది. సరే అన్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసుకున్నాం. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి, చెబితే అడ్వాన్సు మొత్తం వాపసు. ఆ తర్వాత ప్రతి ఏడూ కొత్త కాగితం రాసుకుంటూ వచ్చాం.

చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం అవ్వకు చేతకాదు. కరీంనగర్‌లో ఆమెకు కార్డు లేదు. చిన్నమ్మకు ఉంది. కార్డంటే బీడీల కంపెనీ పుస్తకంలో పేరుండటం. పేరున్నవాళ్లకే చుట్టే ఆకు, తంబాకు అనే పొగాకు ఇస్తారు. పీఎఫ్ పడేదీ, రేపు పింఛను వచ్చేదీ వాళ్లకే. చిన్నమ్మ తన జన్మలో ఒక్క కట్ట సరిగ్గా చేసి ఉండదు. ఆకూ తంబాకూ ఆమె తెచ్చి మేడ మీద పెట్టేది, అవ్వ చుట్టేది, కట్టలు ఆమె పట్టుకుపోయి కార్ఖానాలో ఇచ్చేది. కూలి అవ్వకు, పీఎఫ్ చిన్నమ్మకు. మా దిక్కు ఇది మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. అవ్వ కూడా అనుకోలేదు. “అక్కా, నీ చేతుల బీడి మిషిన్ల చేసినట్టుంటది” అని చిన్నమ్మ పొగిడితే మురిసిపోయేది.

మొన్న వేసవిలో నాకు ఆదిలాబాద్‌లో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. నెల ముందే కాకకు చెప్పాను, ఫోన్లో మెసేజీ కూడా పెట్టాను. అవ్వా నేనూ రెండు రోజులు ఇల్లు కడిగాం. వెళ్లే రోజు కాకా చిన్నమ్మా పైకొచ్చి గదిగదీ తిరిగారు. ఆయన స్విచ్చులు నొక్కి చూశాడు, నల్లాలు తిప్పి చూశాడు. ఎక్కడా పట్టుకోవడానికి ఏమీ దొరక్క, ముందు గదిలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

“బిడ్డా, తంబాకు వాసనొస్తలేదా?”

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. వాసన గురించి నాకు ముందునుంచీ సిగ్గుండేది. నా డ్రెస్సుల్లో ఆ వాసన ఉందని ల్యాబులో ఎవరో అన్నప్పట్నుంచీ అవ్వను బయట కూర్చొమ్మని సతాయించేదాన్ని. ఆ రోజు పెద్దమనిషి ముందు మంచి అనిపించుకోవాలని నవ్వుతూ అన్నాను: “అవ్ కాకా, జర వస్తది. బయట చేస్కోమంటే మా అవ్వ ఇనదు.”

అవ్వ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. విని, చీపురు మూలన పెట్టింది. నేను తాళంచెవులు రెండూ ఇచ్చేసి ఆటో ఎక్కాను.

వారం తర్వాత ఫోన్ చేస్తే కాక గొంతులో తేనె కారుతోంది. “ఆషాఢం బిడ్డా. ఆషాఢంల ఎవలు ఇల్లు మారుతరు? కొత్తోళ్లు రాని, వాళ్ల అడ్వాన్సు అందంగనే నీది నీకేస్త.” మా అడ్వాన్సు ఆయన ఏనాడో తినేశాడన్నమాట. ఇంకో వారానికి మాట మారింది. “గోడలన్ని తంబాకు కంపు. రెండుసార్లు రంగులేపిచ్చిన. ఆ ఖర్సు పోను నీకు ఇంక వెయ్యో రెండువేలో వస్తయేమో.” నేను అరిచాను. ఆయన శాంతంగా అన్నాడు, “వాసనున్నదని నువ్వే ఒప్పుకుంటివి గద బిడ్డా, అందరి ముంగట.”

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకున్నాను. మా అవ్వ చుట్టిన ప్రతి బీడీ మీదా వాళ్లకు పీఎఫ్ పడింది. అదే బీడీల కంపు సాకు పెట్టి ఇప్పుడు ఆమె పీఎఫ్ పైసలే మింగుతున్నారు. ఇంత నీచం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

ఆదిలాబాద్‌లో కొత్త ఓనరమ్మ అడ్వాన్సు లేకుండానే తాళంచెవి ఇచ్చింది, కానీ ఆ నెలాఖరు దాటితే వేరేవాళ్లకు ఇస్తానని ముందే చెప్పింది. నాకు మొదటి జీతం ఎప్పుడు పడుతుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. పద్దెనిమిది వేలు రాకపోతే అవ్వనూ సామాన్లనూ వేసుకుని మళ్లీ రోడ్డు మీద పడాలి.

కోపం కాగితం మీద పెట్టాను. నాలుగుసార్లు చించి, అయిదోసారి కుదురుగా రాశాను. ఇల్లు విడిచేముందు ఫోన్లో తీసిన ఫొటోలు ముందేసుకుని ఒక్కొక్క గదీ రాశాను:

“ఇల్లు ఖాళీ చేసిన రోజున మూడు ఫ్యాన్లు, అయిదు ట్యూబులైట్లు పనిచేస్తున్నాయి. బాత్రూంలో పాడైన నల్లా మా ఖర్చుతో మార్పించాము. పడకగదిలో మేము కొట్టిన రెండు మేకుల గుంతలు పూడ్చాము. ముందు గదిలో కిటికీ కింద, మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చునే చోట నూనె మరక ఉంది. అది నాలుగేళ్ల మామూలు వాడకంతో వచ్చినది, నష్టం కాదు. అద్దె, కరెంటు బిల్లు చివరి నెల వరకు కట్టాము. బీడీలు చుట్టే సంగతి మీకు మొదటి నుంచి తెలుసు. రంగులు వేయించి ఉంటే రసీదులు చూపగలరు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో అడ్వాన్సు పద్దెనిమిది వేలు తిరిగి ఇవ్వాలి. లేనిచో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తాను.”

అక్కడ ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారనీ, ముందు ఇద్దరినీ పిలిచి మాట్లాడతారనీ మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. అగ్రిమెంటు జిరాక్సు, ఫొటోలు జతచేసి, చేరినట్టు సంతకం వాపసు వచ్చేలా రిజిస్టర్ పోస్టు చేశాను. పంపేముందు అవ్వకు చదివి వినిపించాను. మరక దగ్గర నవ్వింది. మొత్తం విని, “వాసన లేదని రాయలేదేంది?” అంది. అది వాళ్లే నిరూపించుకోవాలి అవ్వా, మనం ఎత్తకూడదు అని లాపాయింటు చెప్పాను. ఆమె లేచి కవరు వెతికి తెచ్చిచ్చింది.

ఉత్తరం అందిన పన్నెండో రోజు, శనివారం నాడు కాక ఫోన్ చేశాడు. “కాయితాలెందుకు బిడ్డా, మనం మనం. వస్తే కూసొని మాట్లాడుకుందం.” మర్నాడు ఆదివారం అవ్వా నేనూ పొద్దున్నే బస్సెక్కాం.

కింద హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. నేను తాగలేదు. చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మరీ చెప్పింది. “ఏం కంపు బిడ్డా! రెండుసార్లు రంగేసినా పోలే. ఇల్లు సూసిపోయినోళ్లు మస్తుమంది, ఉంటనన్నోళ్లు ఒక్కలు లేరు.” కాక ఒక కాగితం ముక్క తీశాడు. రంగులకు ఇంత, కూలీలకు ఇంత, ఖాళీగా పడి ఉన్న నెలకు ఇంత అని రాసుంది. రసీదు అడిగితే, “మనోడే ఏసిండు, మనోడు రసీదిస్తడా?” అన్నాడు.

అప్పుడే పైనుంచి ఫ్యాను కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ముందు గది ఫ్యాను. నాలుగేళ్లు విన్న చప్పుడు అది.

“ఖాళీగున్న ఇంట్ల ఫ్యాను తిరుగుతుందా కాకా?” అని లేచాను. “ఆగు, ఆగు, ఆడోళ్లున్నరు” అంటూ ఆయన వెనకాలే వచ్చాడు. నేను మెట్లెక్కేశాను. అవ్వ మోకాళ్లు పట్టుకుంటూ నా వెనక వచ్చింది.

తలుపు తీసే ఉంది. కిటికీ కింద, సరిగ్గా అవ్వ కూర్చునే చోట, ముప్పై ఏళ్లామె ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు. గది నిండా అదే వాసన. ఆమె తల వెనక గోడ మీద మా అవ్వ నూనె మరక, నా ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది. రెండుసార్లు కాదు, ఒక్క చుక్క రంగు పడలేదు.

“మీకన్నా ముందు ఈడ మేమే ఉన్నం. మీరెప్పుడొచ్చిండ్రమ్మా?” అని అడిగాను.

“మీరు పోయిన నాలుగో దినమే అక్కా. మాది సుల్తానాబాద్ దిక్కు. ఆషాఢమైనా సరే రమ్మన్నది చిన్నమ్మ. బీడీలు చేస్తవా అని అడిగింది, చేస్తనంటెనే ఇల్లిచ్చింది. కార్డు ఆమెదే గద.”

చిన్నమ్మ ముక్కు మీది కొంగు జారిపోయింది. వాసన వద్దనుకున్నవాళ్లు కాదు వీళ్లు, ఆ వాసనను వెతుక్కుని మరీ తెచ్చుకునేవాళ్లు. ఛీ అని పైకే అన్నాను. ఫోను తీసి ఆ గోడను ఫొటో తీశాను. “గడువుకు ఇంక రెండు దినాలున్నయి కాకా. తర్వాత ఈ ఫొటోతోని న్యాయసేవ ఆఫీసుల కలుద్దం” అన్నాను. ఆయన ముఖంలో సిగ్గు కనబడుతుందేమోనని చూశాను, లేదు. విసుగు మాత్రమే ఉంది. అక్కడే నిలబడి ఫోన్లోంచి పద్దెనిమిది వేలూ వేసి, “ఆడిపిల్లవని ఊకున్న” అన్నాడు.

నేను తిట్టిపోస్తుంటే అవ్వ మాత్రం ఆ అమ్మాయి పక్కన వంగి ఒక కట్ట చేతిలోకి తీసుకుని చూసింది. “దారం జర బిగ్గ కట్టు బిడ్డా, లేకపోతే కార్ఖాన్ల తీసేస్తరు” అని చెప్పింది. తర్వాత తన మరక వంక ఒకసారి చూసి మెట్లు దిగింది.

బస్సులో నేను గెలిచిన ఉత్సాహంలో ఉన్నాను. ఓనరమ్మకు పైసలు పంపేశాను. మొత్తం వచ్చాయి అవ్వా, చూశావా అంటే తల ఊపింది. మంచిర్యాల దాటాక కిటికీలోంచి చూస్తూనే అంది: “పైసలిచ్చిండు. మరి నువ్వన్న మాట?”

ఏ మాట అని అడగాల్సిన అవసరం నాకు లేదు. కాక ముందు నవ్వుతూ నేను ఆమె మీద వేసిన మాట అది.

ఆదిలాబాద్‌లో ఆమెకు మళ్లీ ఎవరిదో కార్డు మీద పని దొరికింది. ముందు గదిలో ఫ్యాను కింద చాప నేనే పరిచాను, చాట కూడా అక్కడే పెట్టాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. అవ్వ బయట మెట్ల మీద, ఎండ ఇంకా పోని చోట కూర్చుని బీడీలు చుడుతోంది. లోపలికి రమ్మని బతిమాలాను. చేతులు ఆపకుండా అంది: “వద్దు బిడ్డ. నీ బట్టలకు వాసనంటుకుంటది.”