‘తీశాడు’ అని రాసిన కాగితం

డెబ్బైలలో నేను గల్ఫ్‌లో, సీబ్ అనే ఊళ్లో ఒక టర్కీ కంపెనీ సైట్ ఆఫీసులో గుమాస్తాని. ఫోర్‌మన్లు టర్కీవాళ్లు, పై ఇంజనీరు ఇంగ్లీషువాడు, కూలీలు ఎక్కువమంది మనవాళ్లు. రెండేళ్లలో టర్కీ మాట పట్టుబడింది, దాంతోపాటే తలపొగరూ వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే స్లాబు కింది ఊతం ఎవరో ముందే తీసేయడంతో ఒక మూల కూలి, మేస్త్రీ కాలు విరిగింది. ఫోర్‌మన్ చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్నాను. ఊతం ఫలానా కూలీ తీశాడు అని రాశాను. రాసింది చెప్పినవాడి భాషలో చదివి వినిపించాకే సంతకం పెట్టించాలి, అది మా పద్ధతి. ఇంజనీరు తొందరపెడుతున్నాడు, నాకు రాని భాషా ఇది అనుకుని, చదవకుండానే పెట్టించాను. సాయంత్రం విమానానికి ఆ కూలీని ఇంటికి పంపేయమని ఆర్డరు వచ్చింది.

అతను జగిత్యాల వైపు మనిషి. పెట్టె సర్దుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“నేను తియ్యలే సారూ. ఆ ఉస్తా కండ్లార చూసిండా? జర అడుగుండ్రి.”

ఉస్తా అంటే ఫోర్‌మనే. చూడకుండా సంతకం పెడతాడా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా మనసు ఆగక కాగితం పట్టుకుని వెళ్లాను. ఈసారి టర్కీలో చదివాను. ఊతం ఆ కూలీ ‘అల్ది’ అని చదవగానే ఫోర్‌మన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“అల్ది అనలేదు నేను. అల్మిష్ అన్నాను. నేను చూడలేదు.”

వాళ్ల భాషలో జరిగిపోయినదాన్ని రెండు రకాలుగా చెబుతారు. కళ్లతో చూసినదానికి, తాను పూచీపడేదానికి క్రియ చివర ‘ది’ వస్తుంది. ఇంకొకరు చెబితే విన్నదానికి, ఆనవాళ్లను బట్టి ఊహించినదానికి ‘మిష్’. అల్ది అంటే తీశాడు, అల్మిష్ అంటే తీశాడట. ఫోర్‌మన్ వచ్చేసరికే స్లాబు కూలిపోయింది, ఎవరో అనుకుంటుంటే విన్నాడు. ఈ తేడా నాకు తెలియక కాదు. మన తెలుగులోనూ ఆ ‘ట’ ఉంది కదా. ఇంగ్లీషులో రాసేటప్పుడు దాన్ని తోకలాగా కోసిపారేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంజనీరు గదికి పరుగెత్తేసరికి కూలీని విమానానికి తీసుకెళ్లే జీపు బయట స్టార్టయి ఉంది. సంగతి చెబితే, తప్పు ఎవరిదని ఇంజనీరు అడిగాడు. ఫోర్‌మన్ తికమకగా చెప్పాడంటే నమ్మేవాడే, ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. నాదేనన్నాను. ఆర్డరు ఆగింది, విచారణ మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఆ రోజు నుంచి అనువాదాల పని నాకు ఇవ్వలేదు.

మరునాడు మెస్‌లో అన్నం తింటూ ఆ కూలీ పక్కవాళ్లకు చెబుతున్నాడు.

“ఎవరో కాయితం తప్పు రాసిండంట.”

లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

“అంట గాదన్నా,” అన్నాను. “నేనే రాసిన.”