చింతమొద్దు మీద వేసిన నింద

తమిళనాడులోని విరుదునగర్‌లో మా మెస్సులో వంట చేసిన పెద్దమ్మది కోవిల్‌పట్టి పక్క పల్లె. మాకు చుట్టరికం ఏమీ లేదు. వంటగదిలో ఆమెతోనే మా ఇంటి తెలుగు మాట్లాడేవాణ్ణి కాబట్టి ఆ వరస కలిపాను.

పనిలో చేరిన రోజు ఆమె గోనెసంచిలో ఒక చింతమొద్దు తెచ్చుకుంది. కాండాన్ని అడ్డంగా కోసిన గుండ్రటి బిళ్ల, నాలుగు వేళ్ల మందం. కూరగాయలు దాని మీదే తరిగేది. పని కాగానే ఉప్పు చల్లి కొబ్బరిపీచుతో రుద్ది, వేడినీళ్లు పోసి, తుడిచి, గాలి తగిలేలా గోడకు నిలబెట్టేది. నానబెట్టనిచ్చేది కాదు. పైన గరుకెక్కితే వడ్రంగి చేత చిత్రిక పట్టించేది.

నాకు ఆ మొద్దంటే నామోషీ. కోడికూర మొదలుపెట్టినప్పుడు తెల్లటి ప్లాస్టిక్ బోర్డు కొన్నాను. కోడి నేనే కోసేవాణ్ణి. మొదటి ఏడాది అది బాగానే ఉంది; సబ్బుతో కడిగితే తళతళలాడేది, కత్తి పదునూ నిలిచేది. తర్వాత గాట్లు పడ్డాయి. కత్తి వాటిలో ఇరుక్కుని, లాగినప్పుడల్లా అంచు మెలిపడేది. మొద్దుబారిన కత్తిని ఇంకా గట్టిగా నొక్కేవాణ్ణి, గాట్లు ఇంకా లోతయ్యేవి. పెద్దమ్మ కత్తికి పది రోజులకోసారి సాన చాలేది. నాది రెండు రోజులకే టమాటా తొక్క మీద జారేది. కత్తి నాసిరకం అనుకున్నానే గాని బోర్డును చూడలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో, మా దగ్గర తినే నూనెమిల్లు పనివాళ్లు ఐదుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తేరుకున్నాక మెస్సుకొచ్చి నిలదీశారు. మధ్యాహ్నం, బల్లలన్నీ నిండి ఉన్నాయి. వంటగదిలోంచి చింతమొద్దు తెచ్చి వాళ్ల ముందు పడేసి, అందరికీ వినబడేలా తమిళంలో అన్నాను: "ఈ ముసలామె మురికి మొద్దు వల్లే ఇదంతా. వద్దంటే వినదు."

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. మొద్దును గోనెసంచిలో పెట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కింది.

రెండు రోజులకు ఆహార తనిఖీ అధికారి వచ్చాడు. ప్లాస్టిక్ బోర్డు గాట్లలో కత్తి మొనతో గీకి, వచ్చిన నల్లటి జిగురును నాకు చూపించాడు.

"దీని మీద ఏం కోస్తారు?"

"కోడి సార్."

"అదొక్కటేనా?"

తొందరలో కోడి కోసి, ఓసారి నీళ్లు పోసి, దాని మీదే పెరుగుపచ్చడికి ఉల్లిపాయ, దోసకాయ తరిగేవాణ్ణి. ప్లాస్టిక్ కదా, కడిగితే పోతుందని ధీమా.

"రోగం దీని వల్లే అని ఇప్పుడు నిరూపించలేను," అన్నాడాయన. "కానీ గాట్లు ఇంత లోతైతే ఎంత కడిగినా సబ్బునీళ్లు లోపలికి వెళ్లవు. పారేయండి. పచ్చిమాంసానికి విడిగా ఒకటి పెట్టండి."

ఆ ఆదివారం కోవిల్‌పట్టి వెళ్లాను. పెద్దమ్మ కూతురింటి వాకిట్లో వంకాయలు తరుగుతోంది.

"వచ్చినావా సామీ, కూచో," అంది.

"తప్పు నాది పెద్దమ్మా. నా బోర్డుది," అని జరిగిందంతా చెప్పాను.

"ఈ కట్టె మొద్దైనా అంతేలే," అంది మొద్దును చూపించి. "దీని మీద కోడి కోసి, తడితో మూల పడేసుంటే ఇదీ కంపు కొట్టుండును. కడిగి ఆరబెట్టేది మన చేతిలో ఉండాది."

ఆమె తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. మళ్లీ పనికి రమ్మన్నాను. ఆమె చేతిలోని కత్తి ఆగింది.

"ఆ పొద్దు నన్ను అరవంలో అన్నావు, అందరి ముందరా. ఈ పొద్దు తెలుగులో చెప్తుండావు, నా ఒక్కదానికి. ఇది సరేనా సామీ?"



మర్నాడు మధ్యాహ్నం బల్లల మధ్య నిలబడి, తమిళంలోనే, తప్పు నాదని చెప్పాను. కొందరు తల ఎత్తి చూశారు, కొందరు తింటూనే ఉన్నారు. ఆ ఐదుగురిలో ఇద్దరే ఉన్నారు. మిగతా ముగ్గురూ వేరే మెస్సుకు మారిపోయారు. వాళ్లను వెతుక్కుంటూ మిల్లు గేటు దాకా వెళ్లి, లోపలికి కబురు పంపే ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను.

పెద్దమ్మ మళ్లీ పనికి రాలేదు. వాళ్లు ముగ్గురూ ఇప్పటికీ ఆమెనే తప్పుపడుతూ ఉండి ఉంటారు.