మూడు గ్లాసుల బియ్యానికి ఎన్ని విజిల్స్?

జెర్సీ సిటీలో ఎమ్మెస్ చదువుతున్నప్పుడు నేనూ, ఒక వరంగల్ అమ్మాయీ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వంట తనది, అంట్లు నావి. నాకు వంట రాదని తనే తేల్చేసి, ఆ ముక్క ఫ్రిజ్ మీద చీటీ రాసి మరీ అంటించింది. ఆ చీటీ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒక శనివారం ఆరుగురు జూనియర్లను భోజనానికి పిలిచాం. పులిహోర నేనే చేస్తానని పంతం పట్టాను. బాగా కుదిరితే చీటీ మారుస్తానంది తను.

మా ఇద్దరికీ రోజూ ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు, రెండు విజిల్స్. ఆ రోజు మూడు గ్లాసుల బియ్యం కాబట్టి ఆరు గ్లాసుల నీళ్లు పోసి, ఆరు విజిల్స్ రానిచ్చాను. లెక్కల్లో నన్ను కొట్టేవాళ్లు లేరని నా ధీమా. మూత తీసి చూస్తే లోపల ముద్ద! గరిటె నిలబెడితే నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తను తొంగి చూసి పకపకా నవ్వింది.

"ఎన్ని విజిల్స్ పెట్టినవే?"

"ఆరు. మూడింతల బియ్యం కదా!"

"విజిల్స్‌ని మల్టిప్లై చేస్తారే ఎవరన్నా? బియ్యం ఎక్కువైతే కుక్కర్ వేడెక్కనీకే టైమ్ పడ్తది. ఫస్ట్ విజిల్ లేట్‌గ వస్తది, అందాక లోపల ఉడుకుతనే ఉంటది. విజిల్స్ మాత్రం గవే రెండు. నీళ్లు గూడ కొంచెం తగ్గియ్యాలె. ఆవిరయ్యేది మూడింతలు గాదు గద."

ఇంకా గంట టైముంది. మళ్లీ మూడు గ్లాసుల బియ్యం కడిగి, ఈసారి ఐదు గ్లాసుల నీళ్లే పోశాను. మాది కరెంటు కాయిల్ స్టవ్, వేడెక్కడానికే దానికి బద్ధకం. పావుగంటైనా కుక్కర్ ఉలకలేదు, పలకలేదు. మూత సరిగా పెట్టలేదేమో అని చెయ్యి చాపితే తను గట్టిగా పట్టుకుంది.

"ముట్టకు. ఆగు."

చివరికి కూసింది. రెండోది రాగానే కుక్కర్‌ను చల్లగా ఉన్న పక్క కాయిల్ మీదికి జరిపాను. రోజూ కంటే ఆవిరి ఆలస్యంగా దిగింది. భయం భయంగా మూత తీసి, అన్నాన్ని పళ్లెంలోకి వంపి, పసుపూ నూనే చల్లి చేత్తో కదిపాను. ఏ మెతుకుకా మెతుకు విడిపోయింది! ఆనందంతో కేక పెట్టాను.

ఆ ముద్దను పారేయనివ్వలేదు తను. పాలూ పెరుగూ కలిపి పోపు పెట్టింది. జూనియర్లు పులిహోర గిన్నె ఖాళీ చేసి, "అక్కా, ఈ కర్డ్ రైస్ ఇంత సాఫ్ట్‌గా ఎలా చేశారు?" అని అడిగారు.

"ఆరు విజిల్స్" అన్నాను దర్జాగా.

అందరూ వెళ్లాక అలవాటుగా సింక్ దగ్గరికెళ్లి స్పాంజ్ అందుకున్నాను. తను నా చేతిలోంచి దాన్ని లాక్కుని, కుక్కర్ తోమడం మొదలుపెట్టింది.