గ్రూపును తేలిక చేసిన నియమాలు

మా గ్రూపులో పదకొండు మందిమి. తెనాలివాళ్ళం నలుగురం, బాపట్లవాళ్ళు నలుగురు, రేపల్లెవాళ్ళు ముగ్గురు. మూడూళ్ళలోనూ మా చర్చి సంఘాల సమాధుల పుస్తకాలు చివికిపోతున్నాయని, పుటపుటా ఫోటో తీసి ఒకచోట దాచాలని ఫోన్లో పెట్టుకున్న గ్రూపు అది. ఎవరిని ఏ వరసలో, గోడ నుంచి ఎన్నోచోట పూడ్చారో ఆ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. రాయి పెట్టించుకోలేని వాళ్ళకు ఆ ఒక్క పంక్తే ఆధారం. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్నని పెత్తనం నాకిచ్చారు.

జనవరి ఆఖరున కూర్చుని లెక్క తీశాను. నెలలో వచ్చిన సందేశాలు ఆరు వందల పన్నెండు. అందులో పుస్తకం పుటలు డెబ్బై నాలుగు. మిగతావన్నీ శుభోదయాలు, గులాబీలు, వాక్యం రాసిన కొవ్వొత్తి బొమ్మలు, బాపట్ల కాంపౌండరుగారి వాయిస్ నోట్లు. ఆయన ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒక పుట గురించి చెప్పడానికి నాలుగు నిమిషాలు తీసుకునేవారు. అందులో మూడు నిమిషాలు ఆయన మోకాళ్ళ నొప్పి.

ఆ సాయంత్రమే నియమాలు రాసి పెట్టాను. శుభోదయాలు వద్దు. నోటితో చెప్పింది వెతికితే దొరకదు, బొమ్మలో ఉన్న అక్షరాలూ దొరకవు. టైపు చేసిన మాట, ఫైలుకు పెట్టిన పేరు, ఈ రెండే దొరుకుతాయి. కాబట్టి వాయిస్ నోటు అర నిమిషం దాటకూడదు, దాని సారాంశం కింద ఒక వాక్యంలో టైపు చేయాలి. పుటను ఫోటోగా పంపితే కుదించుకుపోయి సన్నరాత చెదురుతుంది, డాక్యుమెంటుగానే పంపాలి. దానికి ఊరు, పుస్తకం, పుట, సంవత్సరం ఆ వరసలోనే, తెలుగు అక్షరాల్లోనే పేరు పెట్టాలి. డాక్యుమెంట్లు బరువు కనుక ఎవరి ఫోన్లోకీ వాటంతటవి దిగకుండా ఆపుకోవాలి, కావలసినప్పుడు కావలసింది తెరుచుకోవాలి. పంపినవాళ్ళు నెలాఖరున తమ ఫోన్లో పెద్ద ఫైళ్ళు తీసేసుకోవాలి.

"తీసేస్తే ఎట్టా అండి?" అని రేపల్లె నుంచి బడి పంతులమ్మ అడిగింది. అక్కడి రెండో పుస్తకమంతా ఫోటోలు తీసింది ఆ అమ్మాయే.

"గ్రూపులో ఉంటుంది కదమ్మా," అన్నాను.

"పుటలో ఉన్న పేర్లు కూడా కింద టైపు చేయమంటారాండీ? సెలవుల్లో చేసేస్తాను."

"వద్దు. గ్రూపు బరువైపోతుంది. పుట నంబరు చాలు."

కాంపౌండరుగారు మాత్రం లొంగలేదు. "టీచరమ్మా, మీ గ్రూపులోకొస్తే జైల్లోకొచ్చినట్టుందండి. పేరు, నంబరు, ఊరు చెప్పుకోవాల. మా ఆవిడ కూడా ఇంత కట్టడి చెయ్యలేదు," అని వాయిస్ నోటు పెట్టారు. ఒక నిమిషం పది సెకన్లు. "మీ ఫోన్లో ఎంత ఖాళీ ఉందో అందరికీ చూపించండి," అని గ్రూపులోనే అడిగాను. ఏమీ లేదు, నిండిపోయింది. ఏప్రిల్ రెండున ఆయన టైపు చేసి పంపిన మొదటి మాట ఇది: "ఐదు ఎంబీ దాటినవన్నీ పీకేశానండి. ఇంక నన్ను తిట్టడానికి మీకేం మిగల్లేదు."

మే నెలలో మొత్తం నలభై ఒక్క సందేశాలే వచ్చాయి. ఏ పుట కావాలన్నా దాని పేరు పది సెకన్లలో కనబడేది. నాకు చాలా తృప్తిగా ఉండేది.

ఆగస్టు ముసురుకు రేపల్లెలో బీరువా మీద కప్పు కారింది. రెండో పుస్తకం ముద్దయిపోయిందని పంతులమ్మ రాసింది. మన గ్రూపులో ఉంది కనుక సరిపోయిందని కూడా రాసింది. "అందుకే కదమ్మా," అని జవాబిచ్చాను. ఆ రోజు కూడా నేను ఒక్క పుట తెరిచి చూడలేదు.

నవంబరులో ఒక గురువారం, రేపల్లె బండి దిగి ఒకామె మా ఇంటికి వచ్చింది. అరవై దాటిన కూలిమనిషి. తెనాలిలో చెక్కించిన చిన్న రాతిపలకను అప్పుడే తీసుకుని, తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుంది. తొమ్మిది నెలల బిడ్డ పోయి నలభై ఏళ్ళయిందట. అప్పుడు రాయి పెట్టే స్తోమతు లేదు. ఇప్పుడు కొత్త సమాధులకు చోటు కావాలని మట్టి తోలి మెరక చేస్తున్నారు, సోమవారం ట్రాక్టర్లు వస్తాయి. ఈలోగా రాయి నిలబెట్టుకుంటే ఆ చోటు వదిలేస్తారు. కానీ పుస్తకం చూపించందే రాయి పెట్టనివ్వరు, వేరేవాళ్ళ బిడ్డ మీద పెడితే ఎట్లా అని పెద్దల మాట.

"మూడో వరసని గుర్తుందమ్మగారు. ఎన్నోదో గుర్తులేదు. పుస్తకం ఫోటో మీ దగ్గరుందని మా పంతులమ్మ చెప్పింది."

"ఉంది, కూర్చోండి," అన్నాను.

బిడ్డ పోయిన సంవత్సరం అడిగి టైపు చేశాను. వెంటనే వచ్చింది: రేపల్లె, పుస్తకం రెండు, పుట నలభై ఒకటి, చివర ఆ సంవత్సరం. నా నియమం ప్రకారం ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బాణం గుర్తు నొక్కాను. కాసేపు తిరిగి ఆగిపోయింది. ఫైలు ఇప్పుడు అందుబాటులో లేదనీ, పంపినవారిని మళ్ళీ పంపమని అడగమనీ వచ్చింది.

పంతులమ్మకు ఫోన్ చేశాను. "ఫిబ్రవరి ఆఖర్నే తీసేశానండి, మీరు చెప్పారుగా," అంది. తక్కినవాళ్ళందరినీ అడిగాను. ఆ పుట ఎవరూ తెరవలేదు, నియమం పాటించారు. చివరికి కాంపౌండరుగారు. ఆయన ఫోన్లో అన్నీ వాటంతటవే దిగేవి.

"ఏప్రిల్ రెండు వరకూ నా దగ్గరుందండి," అన్నారు.

గ్రూపు అంటే ఎక్కడో ఒక బీరువా అనుకున్నాను నేను. కాదట. పంపిన ఫైలు నడిమధ్య కంపెనీవాళ్ళ దగ్గర కొన్నాళ్ళే ఉంటుంది. ఆ తరువాత ఎవరో ఒకరు తెరిచి తమ ఫోన్లో ఉంచుకుంటేనే ఉన్నట్టు. తెరవకపోతే మిగిలేది దాని పేరు మాత్రమే.

ఆమె ఎదుటే ఆ పుస్తకం యాభై ఎనిమిది పుటలూ ఒకటొకటిగా నొక్కాను. ఎప్పుడో ఎవరో తెరిచినవి మూడు మాత్రం తరువాత వాళ్ళ ఫోన్లలో దొరికాయి. నలభై ఒకటి అందులో లేదు.

"ఫోన్లో పోయిందాండీ?" అందామె.

"నేను తీసేయమన్నానమ్మా."

ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. "మీరేం చేస్తారులే, వానకి తడిచిందిగా," అంది.

ఆ రాత్రి ఒక లెక్క వేసుకున్నాను. పుటకు ఇరవై పేర్లు, పేరుకు వరస, నంబరు కలిపి అరవై అక్షరాలు. ఆ అమ్మాయి టైపు చేస్తానన్నప్పుడు సరేనని ఉంటే, పుట మొత్తం కలిపినా ఒక గులాబీ బొమ్మ బరువులో ముప్పయ్యో వంతు కూడా ఉండేది కాదు. బరువు అని వద్దన్నది దాన్ని.

శనివారం నేనూ రేపల్లె వెళ్ళాను. మూడో వరసలో చిన్న దిబ్బలు తొమ్మిది, వాటిలో రెండు ఉన్నాయో లేవో తెలియనంతగా కుంగిపోయాయి. ఆమె ఒక్కొక్కదాని దగ్గరా కాసేపు నిలబడింది. పెద్దల్ని నేను బతిమాలాను, వరస చివర ఎక్కడో ఒకచోట పెట్టనివ్వమని. "మీరే లెక్కలు చెప్పిన మనిషి, ఎక్కడో ఒకచోటంటే ఎట్టా టీచరుగారూ," అన్నారు.

ఆటోలో ఆమె రాతిపలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇంటికాడ ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నాను.

"బిందెల కిందకి పనికొచ్చిద్దిలెండి. పేరు కిందికి తిప్పేస్తా."

సోమవారం పదకొండు ట్రాక్టర్ల మట్టి తోలారని పంతులమ్మ గ్రూపులో రాసింది. ఊరు, తేదీ ముందు పెట్టి, ఒకే వాక్యంలో.