మచ్చ లేని బొమ్మ

ఇబ్రహీంపట్నంలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఆ పదో తరగతి పిల్ల, చిన్నప్పటి ఆపరేషన్ మచ్చ కనపడకుండా పైపెదవిని అరచేత్తో కప్పుకునే మాట్లాడేది.

ఫోన్ ఆటలో తన ముఖంతోనే ఆడే బొమ్మ కోసం మాత్రం చేయి తీసి, వెలుతురులో నేరుగా సెల్ఫీ దిగింది. ఆట ఆమె కళ్లు, ముక్కు, దవడల కొలతలతో బొమ్మకు ఒక తలను మలిచి, ఫొటోలోని చర్మాన్ని నునుపు చేసి దానిపై అతికించింది. ఆమె మైకులో మాట్లాడితే బొమ్మ పెదవులు కదిలేవి.

"అందరు నా ఎనకనే రాండ్రి!" అని ఆటలో తన జట్టును నడిపించేది. నెల తిరక్కుండానే ట్యూషన్‌లోనూ చేయి అడ్డం పెట్టకుండా జవాబులు చెప్పసాగింది.

ఒకరోజు బొమ్మను చూపించి, "అచ్చం నా లెక్కనే ఉంది కదా టీచర్?" అంది.

"అవ్, మచ్చ ఒక్కటే లేదు. మస్తు ముద్దుగున్నవ్," అన్నాను, మెచ్చుకుంటున్నాననుకుని.

ఆమె తెరను దగ్గరగా చూసింది. "ఇన్ని దినాలు నేను చూడనే లేదు," అంది.

ఆ సాయంత్రమే ఆ ముఖాన్ని తీసేసి, ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకున్న బొమ్మను ఎంచుకుంది. తర్వాత ట్యూషన్‌కు రాలేదు.